గోడ పగలగొట్టకుండా కెమెరా, టీవీ, బెల్ పైపులు వేయించుకున్నాం - నా అనుభవం

అక్కవాళ్లు గృహప్రవేశం చేసిన ఏడాదికి కెమెరాలు పెట్టించుకున్నారు. కొత్త పెయింట్ మీద తెల్ల కేసింగ్ పట్టీలు, కిటికీ ఫ్రేముకి రంధ్రం, హాల్లో టీవీ వెనక ఒక గాడి కొట్టి మళ్లీ పూసిన మచ్చ. ఆ మచ్చ మీద బావ క్యాలెండర్ తగిలించాడు. అది చూశాకే ఖమ్మంలో మా ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఈ వైర్ల సంగతి ముందే తేల్చుకోవాలనుకున్నాను. కింద ఒక పోర్షన్, పైన ఒకటి, తూర్పు ముఖం, గేటు నుంచి గుమ్మానికి పాతిక అడుగులు.

మొదట తెలుసుకున్నది ఏంటంటే, ప్లాస్టరింగ్‌కి ముందు చూసుకుందాంలే అంటే సగం పని అప్పటికే చేయి దాటిపోతుంది. గోడల్లో గాడి తర్వాతైనా కొట్టొచ్చు కానీ శ్లాబులో పోయే పైపులు, బీము దాటాల్సిన పైపులు కాంక్రీటు పడకముందే ఉండాలి. కాబట్టి కెమెరాలు ఎక్కడ, పై అంతస్తులో వైఫై పెట్టె ఎక్కడ అన్నది సెంట్రింగ్ మీద ఇనుము కడుతున్నప్పటికే కాగితం మీద ఉండాలి.

ఆ కాగితం మీద నేను ముందు గీసింది పైపులు కాదు, అవన్నీ వచ్చి చేరే చోటు. మెట్ల పక్క స్టోర్ రూములో ఏడడుగుల ఎత్తున ఒక అర. రౌటర్, నెట్‌వర్క్ స్విచ్, కెమెరా రికార్డర్ అన్నీ అందులోనే. అక్కడికి ఇన్వర్టర్ లైను మీద రెండు ప్లగ్గులు, తలుపుకి గాలి ఆడే జాలి, ఎందుకంటే రికార్డర్ రాత్రింబవళ్లు వేడెక్కుతూనే ఉంటుంది. ప్రతి కెమెరా నుంచి, ప్రతి గది నుంచి, గేటు నుంచి ఎవరి పైపు వాళ్లదే విడిగా అక్కడికి రావాలి. ఒకదాన్నుంచి ఇంకొకదానికి లాగేస్తానని మా ఎలక్ట్రీషియన్ అన్నాడు, స్విచ్ బోర్డులకి అలవాటైన పద్ధతి అది. నెట్‌వర్క్ వైరుకి మధ్యలో అతుకు పనికిరాదు. ఇప్పటి నెట్‌వర్క్ కెమెరాల్లో చాలావాటికి కరెంటు కూడా ఆ ఒక్క క్యాట్ 6 వైరులోనే పోతుంది, పీఓఈ అంటారు, కాబట్టి కెమెరా దగ్గర ప్లగ్గు అక్కర్లేదు, పైపు ఒకటుంటే చాలు.

ఇంకో వాదన కూడా అయింది. "సార్, లైటు పైపులోనే జాగా ఉంది కదా, ఇంటర్నెట్ వైరు కూడా అందులోనే తోసేద్దాం, పైపులు మిగుల్తాయి" అన్నాడు. వద్దన్నాను. కరెంటు వైరు తొడుగు ఎక్కడైనా గీసుకుంటే 230 వోల్టులు నేరుగా కెమెరాకి, రౌటర్‌కి వచ్చేస్తాయి. పక్కపక్కనే దూరం పోతే సిగ్నల్‌కీ ఇబ్బందే. అందుకని విడి పైపులు, గోడలో పక్కపక్కన పోవాల్సి వస్తే అడుగు ఎడం, దాటాల్సి వస్తే అడ్డంగా కత్తెర వేసినట్టు దాటడం. పైపు మాత్రం మీడియం గేజ్, ఇంచుది. ముప్పావు ఇంచులో ఒకటో రెండో వైర్లు పోతాయి కానీ రేపు ఇంకోటి లాగాలంటే ఇరుక్కుంటుంది. మలుపుల దగ్గర ఎల్బోలు పెట్టొద్దు, పొడుగు బెండులే వాడాలి, రెండు మలుపులు దాటితే మధ్యలో ఒక బాక్సు. ఇవన్నీ చెప్పినా శ్లాబు వేసే రోజు నేనక్కడే నిలబడ్డాను, సెలవు పెట్టి మరీ.

అయినా ఒకటి పోయింది. సెంట్రింగ్ విప్పాక అన్ని పైపుల్లోనూ స్ప్రింగ్ వైరు తోయించాను, ఇది ప్లాస్టరింగ్‌కి ముందు తప్పక చేయాల్సిన పని. ఎనిమిది పైపుల్లో ఏడు సాఫీగా పోయాయి. పై హాల్లో వైఫైకని వేసినది మధ్యలో ఆగిపోయింది. పైపు మూతి దగ్గర స్ప్రింగ్‌కి టేపు చుట్టి బయటికి లాగి కొలిస్తే 14 అడుగులు. శ్లాబుకి ముందు తీసిన ఫోటోలు చూస్తే సరిగ్గా అక్కడే జాయింటు ఉంది. జాయింటుకి గమ్ము పెట్టకుండా ఒట్టిగా తోసేసినట్టున్నారు, వైబ్రేటర్ తిరిగినప్పుడు ఊడి సిమెంటు పాలు లోపలికి పోయాయి. నీళ్లు పోసి, తీగతో పొడిచి చూశారు, గట్టిపడ్డాక అది వదలదు.

శ్లాబు చెక్కుతానన్నాడు మేస్త్రీ. కుదరదన్నాను, బీము జోలికి అసలే వెళ్లొద్దన్నాను. మెట్ల దగ్గర పైకి వెళ్లే ఖాళీ పైపు ఒకటి అదనంగా వేయించి ఉంచాం, టెర్రస్ మీద డిష్ కోసం వేసిన దానికి జతగా. అందులోంచి పై అంతస్తుకి తీసుకెళ్లి, అక్కణ్నుంచి లింటెల్ పైన 9 అంగుళాల గోడలో అడ్డంగా సన్న గాడి కొట్టి హాలు చివరికి తెచ్చాం. వైఫై పెట్టె సీలింగ్ మధ్యలో కాకుండా గోడ మీదికొచ్చింది, అంతే తేడా.

టీవీ దగ్గర మాత్రం ఇంచు పైపు సరిపోదు. హెచ్‌డీఎంఐ వైరు తల వెడల్పు 2 సెంటీమీటర్లుంటుంది, ఇంచు పైపు లోపలి కొలత అంతకి కాస్తే ఎక్కువ, ఇక మలుపులో ఇరుక్కుపోతుంది. అందుకని టీవీ వెనక నుంచి కింద సెట్‌టాప్ బాక్సు పెట్టే చోటికి రెండంగుళాల పైపు నిలువుగా ఒక ముక్క వేస్తారు. మేము టీవీకి అనుకున్నది నాలుగున్నర అంగుళాల గోడ. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదని మా ఇంజనీరు చెప్పాడు, ఆ లెక్కన అందులో ఒకటిన్నర అంగుళమే చెక్కొచ్చు. అలా టీవీ ఎదురు గోడకి మారింది, దానితో సోఫా మారింది, ఇంట్లో రెండు రోజులు అదే చర్చ.

కాలింగ్ బెల్ చిన్న విషయమనుకున్నాను. గేటు స్తంభం మీద మామూలు బెల్ స్విచ్ పెడితే వానలో తడిచే చోట 230 వోల్టులు ఉన్నట్టు. అందుకే వీడియో బెల్‌కని క్యాట్ 6 లాగాం, కరెంటు తక్కువ వోల్టేజీలో పోతుంది. గేటు లైటుకి వేరే పైపు, రెండూ ఒకే గొయ్యిలో, అడుగున్నర లోతున, అడుగు ఎడంగా. ఇక్కడ చిక్కేంటంటే గేటు స్తంభాలు అన్నిటికన్నా చివర కడతారు. పైపు మూతులు మట్టిలో వదిలేస్తే ప్రహరీ మేస్త్రీ వాటి మీదే కాంక్రీటు పోసేస్తాడు. మేం రెండడుగులు పైకి నిలబెట్టి, మూతులకి క్యాపులు బిగించి, ఎర్ర గుడ్డ కట్టాం. స్తంభం కట్టేటప్పుడు బెల్ బాక్సు నాలుగున్నర అడుగుల ఎత్తున పెట్టించాం, ముఖం కనపడే ఎత్తు అది.

వైరు కొనేటప్పుడు ఒక్కటే చూశాను. చివర కోసి బ్లేడుతో తీగని గీకితే లోపల కూడా రాగి రంగే ఉండాలి. తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, కెమెరాకి కరెంటు మోసే చోట వేడెక్కుతుంది. వైర్లు పెయింటింగ్ మొదటి కోటు అయ్యాకే లాగించాను, అంతవరకు పైపుల్లో జీఐ తీగ మాత్రం.

ప్లాస్టరింగ్ ముందు రోజు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటోలు తీశాను. మొన్న కర్టెన్ రాడ్ బిగించే అబ్బాయి డ్రిల్లు పట్టుకుని నిలబడితే మా ఆవిడ ఆ ఫోటోలు చూసి "అక్కడ కాదు, నాలుగంగుళాలు ఎడమకి" అంది.

వెనక సందులో బోరు మోటరు దగ్గర మాత్రం కెమెరా ఊహించలేదు. దాని వైరు బయటి గోడ మీద క్లిప్పులతోనే వేలాడుతోంది, అక్క వచ్చినప్పుడల్లా ముందు దాన్నే చూస్తుంది.