హౌరా నుంచి ద్వారకకు 75 నిమిషాలు

మార్చి 20న హౌరా ఒడ్డున నిలబడ్డాను. గణించిన సూర్యోదయం 5:41. నదికి అవతల కోల్‌కతా మేడలు అడ్డం, కాబట్టి సూర్యుడు కంటికి కనబడింది ఆ తర్వాతే. చెయ్యి చాచి పట్టుకున్న వేలి మందం దాదాపు 2 డిగ్రీలు. అంత ఎత్తు అడ్డుంటే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే రెండు ఊళ్లను పోల్చేటప్పుడు కంటితో చూసిన వేళను కాదు, గణించిన వేళనే తీసుకోవాలి.

23న ద్వారకలో ఉన్నాను. అక్కడ సూర్యోదయం 6:56. అదే దేశం, అదే గడియారం, తేడా మాత్రం గంటా పావు!

ఈ రెండు ఊళ్లనే ఎంచుకోవడానికి కారణం, రెండూ ఇంచుమించు 22 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. పగటి నిడివి దాదాపు ఒకటే కనుక మిగిలేది రేఖాంశం తేడా. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖది, అంటే దాదాపు మన కాకినాడ సమయం. కోల్‌కతా (88.36) దానికి 5.86 డిగ్రీలు తూర్పున ఉంది, సూర్యుడు 23 నిమిషాలు ముందు. ద్వారక (68.97) 13.53 డిగ్రీలు పడమర, 54 నిమిషాలు వెనక. మొత్తం 77 నిమిషాల పైచిలుకు. నాకు 75 వచ్చిందేమంటే, మధ్యలో మూడు రోజులు గడిచాయి. మార్చిలో అక్కడ ఉదయం రోజుకు సుమారు నిమిషం ముందుకు జరుగుతుంది.

ఆ 23 నిమిషాలను కలకత్తా అంత తేలిగ్గా వదులుకోలేదు. 1906లో ప్రామాణిక కాలం వచ్చినా, 1948 దాకా తన సొంత సమయాన్నే పాటించింది.

సాయంత్రం ద్వారకలో సూర్యుడు సముద్రంలో దిగేసరికి 7:06. పడమటి ఊళ్లో పొద్దు ఆలస్యంగా పొడిస్తే ఆలస్యంగానే కుంకుతుంది. పగలు పెరగదు, మొత్తంగా జరుగుతుంది, అంతే. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంటకు.

నా సంచిలో ఉన్నది హైదరాబాదు (78.47) సూర్యోదయాలకు వేసిన పంచాంగం. ద్వారకకు వాడాలంటే 9.5 డిగ్రీలకు 38 నిమిషాలు కలపాలి. రాహుకాలం, దుర్ముహూర్తం చూసుకునేవాళ్లు ఇది మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది.

అయితే ఈ 4 నిమిషాల సూత్రం ఒక్కటే నమ్ముకోకూడదు. హైదరాబాదు, కోల్‌కతాల మధ్య రేఖాంశం లెక్కన తేడా 40 నిమిషాలు. జూన్ చివర్లో మాత్రం కోల్‌కతాలో 50 నిమిషాలు ముందే తెల్లారుతుంది, డిసెంబరు చివర్లో 29 నిమిషాలే ముందు. కోల్‌కతా 5 డిగ్రీలు ఉత్తరాన ఉండటంతో అక్కడ వేసవి పగలు ఎక్కువ, చలికాలపు పగలు తక్కువ. మార్చి, సెప్టెంబరు 20 ప్రాంతాల్లో ఆ చిక్కు దాదాపు ఉండదు. నేను ప్రయాణానికి మార్చిని ఎంచుకున్నది అందుకే.