మాటలు మారాయి, వాక్యం మారలేదు

"నేను కాపీ కొట్టలేదు సార్, మాటలన్నీ మార్చాను" అంది ఆ అమ్మాయి. మూలాన్నీ, తన వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టాను.

మూలం: "అడవులను నరికివేస్తే వేళ్ల పట్టు తప్పిన నేల కోతకు గురై, నదుల్లో పూడిక పెరుగుతుంది."

తను రాసింది: "అరణ్యాలను కొట్టివేస్తే వేళ్ల బిగువు తప్పిన మట్టి కోతకు లోనై, నదులలో ఒండ్రు అధికమవుతుంది."

ఎముకల గూడు అదే, చొక్కా మారింది. పైగా పూడిక వేరు, ఒండ్రు వేరు. అర్థంతో పని లేకుండా మాటకు మాట వెతికితే ఇలాగే అవుతుంది. అసలు విషయానికి పేరైన మాటను మార్చనక్కర్లేదు కూడా.

పుస్తకం మూయించి, "ఇప్పుడు నాకు చెప్పు" అన్నాను. కాసేపు తడబడింది. తర్వాత చెప్పింది: "నదిలో పూడిక పెరగడానికి ఒక కారణం ఎగువన చెట్లు పోవడమే. మట్టిని పట్టి ఉంచే వేళ్లు లేకపోతే వాన దాన్ని కోసుకుపోతుంది."

ఎంత బాగుందో! ఫలితంతో మొదలుపెట్టి కారణానికి వెళ్లింది. ఆ నడక తనదే.

అదే రాయించాను. మళ్లీ మూలం తెరిచి, అర్థం తప్పలేదని సరిచూసుకున్నాం. ఆలోచన మాత్రం ఆ రచయితదే కాబట్టి, వాక్యం చివర ఆయన పేరు చేర్చింది. పాత వాక్యానికి ఆ పేరు ఒక్కటే తగిలించి ఉంటే సరిపోయేది కాదు.