"చూద్దాం" అంటే "సరే" కాదు

బెంగళూరు మారతహళ్లిలో మా అద్దింట్లో బాత్రూమ్ గోడ చెమ్మెక్కి, పక్క బెడ్రూంలో పెయింటు పొరలుగా ఊడుతోంది. ఆదివారం ఓనరు గారితో ఫోన్లో మాట్లాడాను, రికార్డింగ్ పెడుతున్నానని ముందే చెప్పి. రిపేరు నన్నే చేయించమన్నారు, దానికయ్యే 8,500 అద్దెలో పట్టుకోమన్నారు, అద్దె పెంపు కూడా ఆపుతానన్నారు. అని నేననుకున్నాను.

రాత్రి లెటర్ రాయడానికి మళ్లీ విన్నాను. ప్లంబరు ఖర్చుకి "సరే, బిల్లు పంపించండి" అని స్పష్టంగా ఉంది. పెంపు దగ్గర మాత్రం "చూద్దాం లెండి" అన్నారంతే! మన చెవులు మనకి కావలసిందే వింటాయేమో.

అందుకే లెటర్లో కాల్ తేదీ, టైమ్ వేసి, ఒప్పుకున్నది విడిగా రాశాను: "బిల్లు జతచేసి, వచ్చే నెల అద్దె 24,000లో 8,500 తగ్గించి 15,500 పంపుతాను." పెంపు గురించి "ఇంకా తేలలేదు, రాతపూర్వకంగా చెప్పగలరు" అన్నాను. నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఏడు రోజుల్లో చెప్పమని చివర్లో ఒక లైను.

వాట్సాప్‌లో పెట్టి, కాపీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాను. ఆడియో ఒరిజినల్ ఫైలు ఫోన్లోనే ఉంది, కట్ చేయలేదు. కోర్టుదాకా వెళ్తే ఇలాంటి రికార్డుకి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడుగుతారు.

మర్నాడు ఆయన జవాబు: "ఓకే అమ్మా. పెంపు సంగతి ఉగాది తర్వాత మాట్లాడదాం."