పూతరేకు అంచు, మామ్మ చెంప: షార్పెనింగ్ ఎంతవరకు?

గత సంక్రాంతికి ముందు ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక ఇంట్లో నేను తీసిన ఫొటోను 12×18 అంగుళాల ప్రింటుగా వేయించి, ఆ ఇంటివారికి ఇవ్వాలని అనుకున్నాను. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పలుచని బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండపై పరుస్తున్న మామ్మ, అప్పుడే కుండ మీద నుంచి లేస్తున్న ఒక రేకు: ఇదీ దృశ్యం. గదికి ఒకటే తలుపు ఉండడం వల్ల వెలుతురు చాలా తక్కువగా వచ్చేది. అందుకే ఎపర్చర్ ఎఫ్/2.8, షటర్ 1/60 సెకను, ఐఎస్ఓ 6400 పెట్టి తీయాల్సి వచ్చింది.

మొదటి ప్రింటు తీసుకువెళ్లి ఇచ్చినప్పుడు ఆమె కొడుకు దాన్ని తలుపు దగ్గరికి పట్టుకెళ్లి చూసి, "ఏమీ అనుకోకండి మాస్టారూ, మా అమ్మ మొహం ఎండిపోయిన చెరువులా కనిపిస్తోందండి" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. బుగ్గ మీది ప్రతి ముడతకూ పక్కనే ఒక తెల్లని గీత వచ్చింది. నల్లటి కుండ చుట్టూ సున్నంతో గీసినట్టు ఒక అంచు తేలింది. పొగ పొగలా కాకుండా బొంబాయి రవ్వ చల్లినట్టు కనిపించింది. అలాగని ఫొటో అంతా గరుకుగా ఉందా అంటే అదీ కాదు. ముడతల మధ్యనున్న చర్మం మైనం పూసినట్టు నున్నగా ఉంది. గరుకుదనమూ నునుపుదనమూ ఒకే ముఖం మీద పక్కపక్కన కనిపిస్తే, తక్కువ వెలుతురులో ఫొటో మీద రవ్వలా తేలే నాయిస్‌ను తగ్గించడమూ, అంచులకు పదునుపెట్టే షార్పెనింగూ రెండూ హద్దు దాటాయని అర్థం. ఫొటో తీసేవాళ్లు "క్రంచీ" అనేది దీన్నే. నా చెవికి మాత్రం "కరకరలాడుతోంది" అన్న మాటే దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇంటికి వచ్చి, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్‌లో పాత ఎడిట్ తెరిచి చూస్తే, తప్పు ఎక్కడ మొదలైందో అంకెల్లోనే కనిపించింది. చీకటిగా ఉన్న గోడను చూపించాలని షాడోస్ +70 వరకు లేపాను. నీడలో నిజంగా పడిన వెలుగే కొద్దిగా ఉన్నప్పుడు, దాన్ని లేపితే దానితోపాటు నాయిస్ కూడా లేస్తుంది. ఆ రవ్వను అణచడానికి లూమినెన్స్ నాయిస్ రిడక్షన్ 60 పెట్టాను. అది రవ్వతోపాటు గుడ్డ నేతనూ, రేకు అంచునూ కూడా నమిలేసింది. పోయిన పదును వెనక్కి తేవాలని షార్పెనింగ్ అమౌంట్ 110కీ, రేడియస్ 2.0కీ, డీటెయిల్ 70కీ పెంచాను. అప్పటికీ తృప్తి కలగక టెక్స్‌చర్, క్లారిటీ కూడా జోడించాను. ఒక తప్పును దిద్దడానికి రెండో తప్పు, దాన్ని దిద్దడానికి మూడోది చేసుకుంటూ పోయానన్నమాట.

ఇదంతా చేస్తున్నప్పుడు కంటికి అనుమానం రాకపోవడానికి ఒక కారణం ఉంది. ఫొటో 6000×4000 పిక్సెళ్లది. నా ల్యాప్‌టాప్ తెరపై, పక్కనున్న ప్యానెళ్లు పోగా, అది సుమారు 1,200 పిక్సెళ్ల వెడల్పులో కనిపిస్తుంది. అంటే అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం ఇరవై ఐదు పిక్సెళ్లు తెరపై ఒక్క చుక్కగా కలిసిపోతున్నాయి. రెండు మూడు పిక్సెళ్ల వెడల్పుండే తెల్ల గీత అందులో గీతగా కనిపించదు; ఫొటో కొంచెం చురుగ్గా ఉందన్న భ్రమగా మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపిస్తుంది.

రెండోసారి మొత్తం తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందుగా షాడోస్‌ను +25కి దించాను. మంట వెలుగుతున్న గదిలో మూలలు చీకటిగానే ఉంటాయి. ఆ చీకటిని అలాగే ఉంచేసరికి, నేను పోరాడుతున్న నాయిస్‌లో చాలా భాగం కళ్ల ముందు నుంచి తప్పుకుంది. నాయిస్‌పై పని నాయిస్ రిడక్షన్ స్లైడర్ దగ్గర కాకుండా వెలుగు దగ్గర మొదలవ్వాలని నాకు అనుభవంలోకి వచ్చింది అప్పుడే.

తరువాత 100 శాతం జూమ్‌కి వెళ్లి, చూపు మూడు చోట్ల మాత్రమే నిలుపుకున్నాను: రేకు అంచు, మామ్మ చెంప, కుండ వెనుక గోడ. లైట్‌రూమ్‌లో స్లైడర్లను ఏ వరుసలో కదిపినా ఫలితం ఒకటే గానీ, మన కంటికి మాత్రం వరుస అవసరం. నాయిస్ ఉండగా షార్పెనింగ్‌ను అంచనా వేస్తే, పదునెక్కిన రవ్వను చూసి వివరం అని పొరబడతాం. అందుకని మొదట షార్పెనింగ్ అమౌంట్‌ను సున్నా చేసి నాయిస్ సంగతి చూశాను.

రంగుల నాయిస్‌తో పెద్ద ఇబ్బంది రాలేదు. కలర్ స్లైడర్‌ను సున్నాకి తెస్తే కుండ నలుపులో గులాబీ, ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి; కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫైల్‌కి మొదట్నుంచీ ఉండే 25కి తిరిగి తెస్తే పోయాయి, అక్కడితో వదిలేశాను. లూమినెన్స్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. 10 దగ్గర తేడా దాదాపు తెలియలేదు. 25 దాటేసరికి గోడ మీది రవ్వ మెత్తబడింది, గుడ్డ నేత ఇంకా పోగులు పోగులుగానే ఉంది. 45కి వచ్చేసరికి గోడ శుభ్రమైంది గానీ, నేత మాయమై గుడ్డ ప్లాస్టిక్ కాగితంలా తయారైంది. అక్కడి నుంచి వెనక్కి వస్తూ, నేత మళ్లీ కనబడిన చోట, 28 దగ్గర ఆపాను. గోడ మీద సన్నటి రవ్వ మిగిలే ఉంది, దాన్ని కావాలనే ఉంచాను. సన్నగా, సమంగా పరుచుకున్న రవ్వను కన్ను ఫొటోలో భాగంగానే తీసుకుంటుంది. మైనంలాంటి చెంపను మాత్రం అలా తీసుకోదు.

ఇక షార్పెనింగ్ సంగతి. ఈ సాధనం ఫొటోలో లేని వివరాన్ని తేలేదు. ఒక అంచుకు అటుపక్క చీకటిని మరికొంచెం చీకటి చేసి, ఇటుపక్క వెలుగును మరికొంచెం పెంచుతుంది. ఆ మార్పు అంచు నుంచి ఎంత దూరం వ్యాపించాలో రేడియస్ నిర్ణయిస్తుంది. నేను మొదట పెట్టిన 2.0 వల్లనే ముడతల పక్క గీతలు అంత లావుగా వచ్చాయి. రేకు అంచు, వెంట్రుక, నూలు పోగు వంటి సన్నని వాటికి 0.8 సరిపోయింది. డీటెయిల్‌ను 15కి తగ్గించాను, ఎందుకంటే ఎక్కువ ఐఎస్ఓలో ఆ స్లైడర్ పెరిగేకొద్దీ అతి సన్నని మార్పులన్నీ పదునెక్కుతాయి, వాటిలో ఎక్కువ భాగం నాయిసే.

నన్ను నిజంగా కాపాడింది మాస్కింగ్. ఆల్ట్ కీ నొక్కిపట్టి మాస్కింగ్ స్లైడర్‌ను జరిపితే ఫొటో నలుపు తెలుపుగా మారుతుంది. తెల్లగా ఉన్నచోట షార్పెనింగ్ పడుతుంది, నల్లగా ఉన్నచోట పడదు. సున్నా దగ్గర ఫొటో అంతా తెలుపే, అంటే మొదటిసారి నేను గోడనూ పొగనూ చెంపనూ కూడా పదునుపెట్టానన్నమాట. 70 దగ్గర గోడ, పొగ నల్లబడి, రేకు అంచు, కళ్లు, గాజులు, చీర జరీ, గుడ్డ మడతలు తెల్లగీతలుగా మిగిలాయి. ముఖంలో లోతైన ముడతలు కొన్ని ఇంకా తెల్లగానే ఉండడంతో, బ్రష్‌తో చెంపల మీద వేరే మాస్క్ వేసి షార్ప్‌నెస్ −30 పెట్టాను. ఈ బ్రష్‌తో ఒక జాగ్రత్త అవసరం: −50 వరకు అది షార్పెనింగ్‌ను తగ్గిస్తుంది, ఆపైన మసకబార్చడం మొదలుపెడుతుంది.

చివరగా అమౌంట్‌ను, కుండ అంచున తెల్ల గీత స్పష్టంగా కనిపించేదాకా పెంచాను. అది 85 దగ్గర వచ్చింది. గీత కంటికి ఆనకుండా పోయేదాకా తగ్గిస్తే 55 దగ్గర నిలిచింది. గుడ్డ పరుస్తున్న చేతి వేళ్లు మాత్రం దేనికీ లొంగలేదు. 1/60 సెకనులో చెయ్యి కదిలిపోయింది. దాన్ని పదునుపెట్టబోతే ఒక వేలికి రెండు అంచులు వచ్చాయి. కదలికను కదలికగానే వదిలేయడం మంచిదని అక్కడితో ఊరుకున్నాను.

అయినా తెరను నమ్మి పూర్తి ప్రింటుకి పంపే ధైర్యం నాకు లేదు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 18 అంగుళాలకు 5400 పిక్సెళ్లు కావాలి. అమౌంట్ 30, 55, 80 అనే మూడు రకాలుగా ఫొటోను 5400×3600 సైజులో ఎక్స్‌పోర్ట్ చేసి, ముఖమూ రేకు అంచూ వచ్చేలా ఒక్కోదాని నుంచి 1800×1200 పిక్సెళ్ల ముక్క కోశాను. ఆ ముక్క 6×4 అంగుళాల కాగితంపై సరిగ్గా పెద్ద ప్రింటులో కనిపించే కొలతతోనే వస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో మ్యాట్ పేపర్‌కి ఉండే షార్పెనింగ్‌ను ఈసారి "స్టాండర్డ్"లో ఉంచాను; మొదటిసారి అది "హై"లో ఉంది. ప్రింటు వేసే కుర్రాడిని అడిగితే, తమ మెషీన్ కూడా ప్రతి ఫొటోకూ తనంతట తాను కొంత షార్పెనింగ్ వేస్తుందని చెప్పాడు. మొదటి ప్రింటులో నాది, ఎక్స్‌పోర్ట్‌ది, మెషీన్‌ది కలిసి మూడు పూతలు పడ్డాయని అప్పుడు తెలిసింది. "దాన్ని ఆపి వెయ్యి బాబూ" అని అడిగితే ఆపి వేశాడు.

మూడు ముక్కల్నీ పగటి వెలుతురులో మూరెడు దూరంలో పట్టుకుని చూశాను. తెరమీద కొంచెం నీరసంగా కనిపించిన 30 కాగితం మీద కూడా నీరసంగానే ఉంది. 80లో జరీ అంచు మెరిసింది గానీ, కుండ గీత మళ్లీ తొంగిచూసింది. 55 బాగుంది. ఆశ్చర్యమేమిటంటే, తెరమీద నన్ను వేధించిన గోడమీది రవ్వ మ్యాట్ కాగితంపై వెతికితే తప్ప కనిపించలేదు. కాగితం దాన్ని ఇంకించుకుంటుంది. అది చూశాక లూమినెన్స్‌ను 28 నుంచి 22కి కూడా దించాను.

వాళ్ల ఫోన్లకు పంపే కాపీని వేరుగా చేశాను. 6000 పిక్సెళ్ల వెడల్పును 2048కి కుదిస్తే, సుమారు ఎనిమిదిన్నర పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ ఆ కలయికలోనే సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే వర్చువల్ కాపీ తీసి దానిలో లూమినెన్స్ 12 పెట్టాను. ఎక్స్‌పోర్ట్‌లో స్క్రీన్ షార్పెనింగ్‌కి "లో" ఎంచుకున్నాను.

రెండో ప్రింటును కనుమ నాడు తీసుకెళ్లాను. మామ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని తన ముఖం వంక ఒక్క క్షణం చూసి, వేలితో కుండ మీది రేకును తడిమింది. "ఈ రేకు చివర చిరిగింది బాబూ, చూశావా? పిండి పలచనైన రోజు అట్టాగే అవుద్ది" అంది.