రెండు బ్యాట్‌ల బరువు ఒకటే, ఊపు వేరు: భ్రమణ వ్యాసార్ధం కొలిచిన నా అనుభవం

మా తమ్ముడు క్లబ్‌లో ఆడతాడు. ఇంట్లో వాడి బ్యాట్‌లు రెండున్నాయి, రెండూ సరిగ్గా 1.2 కిలోలే. "అన్నయ్యా, ఇది చేతికి బరువుగా ఉంది, అది తేలిగ్గా తిరుగుతోంది. కాటా మాత్రం రెండూ ఒకటే అంటోంది" అన్నాడు. వాడి చేయి చెబుతున్నది నిజమే. కాటా చూపించేది ద్రవ్యరాశి ఒక్కటే. తిప్పడంలో కష్టం, అంటే జడత్వ భ్రామకం, ఆ ద్రవ్యరాశి అక్షానికి ఎంత దూరంలో పరుచుకుని ఉందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. ఆ దూరాన్ని ఒక్క సంఖ్యలో చెప్పేదే భ్రమణ వ్యాసార్ధం.

బ్యాట్ మొత్తం ద్రవ్యరాశిని అక్షం నుంచి ఒకే దూరంలో కూర్చామనుకుందాం. జడత్వ భ్రామకం మారకుండా ఉండాలంటే ఆ దూరం ఎంతుండాలో అదే K. సూత్రం I = M K². ఇది సగటు దూరం కాదు. సగం బరువు 20 సెం.మీ. దగ్గర, సగం 60 సెం.మీ. దగ్గర ఉంటే సగటు దూరం 40. కానీ 400, 3600 సగటు 2000, దాని వర్గమూలం దాదాపు 44.7. దూరాన్ని వర్గం చేస్తాం కాబట్టి దూరంగా ఉన్న భాగానిదే పైచేయి అవుతుంది. బ్యాట్‌లో ఆ భాగం అడుగు వైపు ఉన్న చెక్క.

K కొలవడానికి బ్యాట్‌ను లోలకంలా ఊపాను. పట్టుకునే చోట, పిడి పైకొస నుంచి 15 సెం.మీ. దగ్గర, ఒక పొడుగాటి మేకును అడ్డంగా పెట్టి టేపుతో బిగించాను. మేకు రెండు చివరలనూ రెండు టేబుళ్ల అంచుల మీద ఆనించాను. బ్యాట్ మధ్యలో వేలాడుతుంది. మేకు కదలకుండా బిగిసి ఉండాలి, ఊపు చిన్నగా ఉండాలి. ఊపు పెద్దదైతే డోలన కాలం, అంటే ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, సూత్రం చెప్పేదానికన్నా కొద్దిగా పెరుగుతుంది. తర్వాత బ్యాట్‌ను పెన్సిల్ మీద అడ్డంగా నిలబెట్టి, అది తూగే చోటు గుర్తించాను. మేకు నుంచి అక్కడికి ఉన్న దూరమే l. గురుత్వ త్వరణం g, డోలన కాలం T తెలిస్తే:

K² = g l T² / 4π²

మొదటి బ్యాట్‌కు l = 38 సెం.మీ. వచ్చింది, 20 ఊపులకు 28.6 సెకన్లు పట్టింది. అంటే T 1.43 సెకన్లు, K² దాదాపు 0.193 చ.మీ., K దాదాపు 44 సెం.మీ. రెండో బ్యాట్ కూడా 20 ఊపులకు 28.6 సెకన్లే తీసుకుంది!

ఇక్కడే చాలామంది "కాలం ఒకటే కాబట్టి రెండూ ఒకటే" అనుకుంటారు. కానీ ఊపును వెనక్కి లాగే గురుత్వ బలానికి పట్టు l ను బట్టి ఉంటుంది. రెండో బ్యాట్ l 36 సెం.మీ. మాత్రమే. T సమానమైనప్పుడు K² నేరుగా l తో పాటు మారుతుంది, అంటే 38/36. మొదటి బ్యాట్ జడత్వ భ్రామకం 5 శాతానికి పైగా ఎక్కువ. తూగే చోటును గుర్తించడంలో అర సెంటీమీటరు తేడా వచ్చినా అది 1.4 శాతానికి మించదు. కాబట్టి ఈ తేడా నిజమైనదేనని నమ్మవచ్చు. వాడి చేతికి తెలిసింది ఇదే.

బరువులు సమానం కాబట్టి K² పోలిస్తే సరిపోయింది. బరువులు వేరైతే M K² మొత్తాన్నీ పోల్చాలి. రెండో బ్యాట్‌కు K² దాదాపు 0.1828, I దాదాపు 0.219. 1.25 కిలోల బ్యాట్‌కు K² 0.175 ఉంటే దాని I కూడా అంతే. 50 గ్రాములు బరువైనా తిప్పడానికి తేడా తెలియదు. బ్యాట్ కొనేటప్పుడు కాటా ఒక్కటే చూసి "తేలికైంది ఇవ్వండి" అనడం నాకు సరైన పద్ధతి అనిపించదు.

మనిషి షాట్ కొట్టేటప్పుడు అక్షం మేకులా ఒకేచోట ఉండదు, భుజాలూ నడుమూ కూడా తిరుగుతాయి. కాబట్టి ఈ సంఖ్యలు బ్యాట్‌లను పోల్చడానికే గానీ షాట్ వేగం చెప్పడానికి కాదు. అయితే పట్టు మారితే ఏమవుతుందో మాత్రం వీటితోనే అంచనా వేయవచ్చు. మొదటి బ్యాట్ K² లోంచి l² తీసేస్తే గరిమనాభి, అంటే తూగే చోటు, గుండా పోయే అక్షానికి k దాదాపు 22 సెం.మీ. వస్తుంది. చేతులు 5 సెం.మీ. కిందికి జరిపితే l 33 అవుతుంది, k² కి ఈ కొత్త l² కలిపితే K² 0.157 కి పడిపోతుంది. అంటే అదే బ్యాట్, 18 శాతం తక్కువ జడత్వం. బరువైన బ్యాట్ ఇస్తే చిన్నపిల్లలు ఎవరూ చెప్పకుండానే పిడి కింది వైపు పట్టుకునేది ఇందుకే.