హాలుకు అడ్డం కట్టినా వెలుతురు నిలుపుకున్న వైనం

అమలాపురం దగ్గర మా ఇంటి హాలు పొడవు ఇరవై ఆరు అడుగులు, వెడల్పు పన్నెండు అడుగులు. దక్షిణాన, ఉత్తరాన పక్కవాళ్ల గోడలు మా గోడలకు దాదాపు ఆనుకునే ఉన్నాయి గనుక, హాలుకు వెలుతురు ఇచ్చేది తూర్పు గోడలోని ఒకే ఒక్క కిటికీ. పడమటి చివర వంటగది, చేతులు కడుక్కునే సింకు, భోజనాల బల్ల ఉంటాయి. వీధి గుమ్మంలో నిలబడినవారికి మేము తింటున్న విస్తరి కూడా కనబడుతుందని అమ్మ ఏళ్ల తరబడి నొచ్చుకుంటూ ఉంటే, గత జనవరిలో హాలు మధ్య ఒక అడ్డం పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి, అయిదడుగుల ఎత్తున, వెనక ప్లైవుడ్ కొట్టిన పుస్తకాల అర చేస్తే బల్ల పూర్తిగా మరుగున పడిపోతుందని చెప్పారు. నాకూ అది సబబుగానే తోచింది. అయితే చెక్క కొనేముందు ఒకసారి చూసుకుందామని, కొబ్బరితోట దడికి వాడగా మిగిలిన తాటాకు తడికను అయిదడుగుల ఎత్తుకు కోసి, కిటికీకి పదమూడడుగుల దూరంలో రెండు కుర్చీలకు కట్టి నిలబెట్టాను. ఉదయం తొమ్మిది గంటలకు ఫోనులో వెలుతురు కొలిచే యాప్ తెరిచి భోజనాల బల్ల మీద పెడితే, తడిక లేనప్పుడు 160 లక్స్ చూపించిన చోట 45 మాత్రమే చూపించింది. ఫోను సెన్సరు చూపే అంకెను ఖచ్చితమైనదిగా తీసుకోకూడదు, కాని ఒకే ఫోనుతో ఒకే చోట పోల్చి చూడడానికి అది చాలు. అసలు ఫోను కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఆ బల్ల దగ్గర కూర్చుని దినపత్రికలోని చిన్న అక్షరాలు చదవలేకపోయినప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది.

ఎందుకిలా అయిందో కాగితం మీద గీసుకుంటే స్పష్టపడింది. మా కిటికీ పైఅంచు నేలనుంచి ఏడడుగుల ఎత్తున ఉంది. అక్కడినుంచి అడ్డం పైఅంచును తాకుతూ ఒక సరళరేఖ గీసి, అది బల్ల ఎత్తుకు, అంటే రెండున్నర అడుగులకు ఎక్కడ దిగుతుందో చూడాలి. అంతకంటే అడ్డానికి దగ్గరగా ఉన్న బల్లకు కిటికీ కనబడదు, కిటికీ కనబడని చోటికి సీలింగు మీద, గోడల మీద పడి తిరిగివచ్చే వెలుతురు తప్ప మరొకటి చేరదు. అయిదడుగుల అడ్డం అయితే రేఖ పదమూడడుగుల దూరంలో రెండడుగులు మాత్రమే దిగుతుంది, మరో రెండున్నర అడుగులు దిగడానికి ఇంకో పదహారడుగులు కావాలి. మా హాల్లో అడ్డం వెనక మిగిలేది పదమూడడుగులే, అంటే బల్లను ఎక్కడ పెట్టినా నీడలోనే ఉంటుంది. అడ్డాన్ని మూడున్నర అడుగులకు తగ్గిస్తే ఆ రేఖ అడ్డం దాటిన మూడు అడుగుల ముప్పావుకే బల్ల ఎత్తుకు దిగిపోతుంది. అడుగున్నర తగ్గించడం వల్ల ఇంత తేడా వస్తుందని నేను ఊహించలేదు.

తడికను మూడున్నర అడుగులకు కోసి, బల్లను దానికి ఆరడుగుల వెనక్కి జరిపి మళ్లీ చూస్తే 115 లక్స్ వచ్చింది. అంత దూరాన బల్లకు కనబడేది కిటికీ పైభాగంలోని అడుగు నాలుగంగుళాలు మాత్రమే. అయినా ఆకాశం కనబడేది ఆ పైభాగం నుంచే, కింది భాగం నుంచి మా ప్రహరీ, అరటి మొక్కలే కనబడతాయి. ఈ సంగతి తెలిశాక నేను చేసిన మొదటి పని, కిటికీ పైభాగాన వేలాడుతున్న కుచ్చుల తెరను తీసేయడం. అందంగా ఉందని అమ్మ కుట్టించిన ఆ కుచ్చులు, మాకు అన్నిటికంటే అవసరమైన వెలుతురునే ఆపుతున్నాయి.

తర్వాత మాట అమ్మది. మూడున్నర అడుగులంటే మనుషుల తలలు కనబడతాయి గదా అని ఆమె అన్నది. నేను ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టి, గుమ్మంలోంచి చూశాను. కూర్చున్నవారి తలలు కనబడిన మాట నిజమే గాని, కంచాలు, గిన్నెలు మాత్రం కనబడలేదు. ఆమె నొచ్చుకున్నది కంచం గురించే గనుక ఒప్పుకుంది.

అరకు వెనక చెక్క కొట్టవద్దని మేస్త్రిని కోరాను. "మాస్టారూ, వెనక చెక్క లేకపోతే అర పక్కకి ఒరిగిపోతుందండీ, పుస్తకాల బరువు మామూలుది కాదు" అని ఆయన చెప్పింది పూర్తిగా నిజం. చివరకు ఒక చివరను ఉత్తరపు గోడకు ఇనుప ఎల్ పట్టీలతో బిగించి, అట్టడుగు అరకు మాత్రమే వెనక చెక్క కొట్టి, పై రెండు అరలను రెండువైపులా తెరిచి ఉంచాము. పలక ముప్పాతిక అంగుళం మందం గనుక నిలువు చెక్కల మధ్య దూరం రెండున్నర అడుగులు మించకుండా చూసుకున్నాము, లేకపోతే ఏడాది తిరక్కుండా పలకలు మధ్యలో వంగుతాయి. పై అరను పూర్తిగా పుస్తకాలతో నింపితే తెరిచి ఉంచిన ఫలితం ఉండదు కాబట్టి, సగం ఖాళీగా వదిలేశాను. పుస్తకాలున్న మనిషికి అది కష్టమైన నియమం. మా నేలకు వానాకాలం చెమ్మ పడుతుంది గనుక అరను నాలుగంగుళాల కాళ్ల మీద నిలబెట్టాము, కింద తడిగుడ్డ పెట్టడానికీ, చెదలు పట్టిందేమో వంగి చూడడానికీ వీలుంది.

నేను పొరపాటు చేసింది జాలీ విషయంలో. సింకును మరుగుపరచడానికి దక్షిణపు గోడ పక్కన మూడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున ఒక జాలీ అనుకున్నాము. దుకాణంలో అంగుళం రంధ్రాలతో మెషిన్ కోత ఉన్న ఎం.డి.ఎఫ్., అంటే చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక, నచ్చి తెచ్చేశాను. దాన్ని ఎదురుగా చూస్తే బాగానే ఉంది, కాని కిటికీ వెలుతురు బల్ల దగ్గరికి ఏటవాలుగా వచ్చే చోటినుంచి చూస్తే అది గోడలాగే కనబడింది. పలక మందం ముప్పాతిక అంగుళం, రంధ్రం ఒక అంగుళం. నలభై అయిదు డిగ్రీల వాలులో చూస్తే రంధ్రంలో పావు అంగుళం మాత్రమే తెరిచి ఉంటుంది. అదే మందానికి రంధ్రం మూడు అంగుళాలైతే ముప్పాతిక వంతు తెరిచే ఉంటుంది. చిన్న రంధ్రాలు అందంగా కనబడతాయి గాని, పలక మందంతో పోలిస్తే రంధ్రం ఎంత పెద్దదన్నదే చూసుకోవాలి. పైగా సింకు నీళ్లు చిందిన చోట నెల తిరక్కుండా ఆ పలక అంచు ఉబ్బింది. తీసేసి, టేకు పట్టీలను సగం సగం కోసి ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, మూడంగుళాల గళ్ల జాలీ చేయించాను.

జాలీకి కిటికీవైపున తెల్లరంగు వేయించడం మేస్త్రి సలహా, అది మంచిదే అయింది. పగలు వెలుతురు ఆ తెల్లటి పట్టీల మీద పడుతుంటే, గుమ్మంలో ఉన్నవారి చూపు పట్టీల దగ్గరే ఆగిపోయి వెనకున్న చీకటివైపు పోదు, మేము మాత్రం లోపలినుంచి వచ్చినవారెవరో చూడగలం. రాత్రి సింకు దగ్గర దీపం వెలిగిస్తే ఇదంతా తలకిందులవుతుంది, అప్పుడు వీధిలోంచి సింకు గళ్లు గళ్లుగా స్పష్టంగా కనబడుతుంది. ఇప్పుడు రాత్రిపూట ముందువైపు దీపాన్ని ఎప్పుడూ వెలిగించే ఉంచుతున్నాము, సింకు దీపాన్ని అవసరమైనప్పుడే వేస్తున్నాము.

అన్నీ పూర్తయ్యాక ఉదయం తొమ్మిదింటికి బల్ల మీద 120 లక్స్ ఉంది. ఆషాఢంలో ముసురు పట్టిన రోజుల్లో మాత్రం మూడు గంటలకే దీపం వేయవలసి వచ్చింది, అయితే అడ్డం లేని రోజుల్లో కూడా ఆ వేళకు వేసేవాళ్లమే.