పదిహేను నిమిషాలకోసారి లాక్

అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదైతే మా విజయవాడ ఆఫీసులో సాయంత్రం ఆరున్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఏడున్నర. ఇంకో మూడు గంటలకు కాలిఫోర్నియా ఆఫీసులూ తెరుస్తారు, ఇక మా హెల్ప్‌డెస్క్‌కి వాళ్ల కంప్యూటర్ ఫిర్యాదుల టికెట్లు ఆగవు.

నిన్న రాత్రి ఒకావిడ అకౌంట్ పదే పదే లాక్ అయింది. ముందు షిఫ్టువాళ్లు పాస్‌వర్డ్ మార్చి టికెట్ మూసేశారు. కాసేపటికే మళ్లీ లాక్. లాగ్ తెరిస్తే తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు సరిగ్గా పదిహేను నిమిషాలకోసారి కనిపించాయి. మనుషులు అంత టంచనుగా తప్పు కొట్టరు కదా! ఆవిడ ఫోన్‌లో మెయిల్ యాప్ ఇంకా పాత పాస్‌వర్డే పంపుతోంది. అక్కడ మార్పించాక సద్దుమణిగింది.

ఈలోపు చాట్‌లో ఇంకొందరు క్యూ కట్టారు. తెల్లవారుజామున మూడు దాటితే బుర్ర మొద్దుబారిపోతుంది, ఏ పని ఎక్కడ ఆపామో గుర్తుండదు. అందుకే టికెట్ పక్కన పెట్టే ముందు రెండు లైన్లు రాస్తా: ఏం చూశాను, తర్వాత ఏం చూడాలి. షిఫ్టు అప్పగించేటప్పుడూ అవే పనికొస్తాయి.

రాత్రి రెండు దాటాక టీ ముట్టను, తాగితే ఇంటికెళ్లినా నిద్ర పట్టదు. బెజవాడ ఎండకు కిటికీకి దుప్పటి కట్టా. అది చూసి ఇంటి ఓనరు పిన్నిగారు, "పగలంతా నిద్రేనా నాయనా, ఉద్యోగం ఎప్పుడు చేస్తావు?" అంటున్నారు.